చాటరింగ్ ఎక్కడ పుడుతుంది, బౌండరీ లేయర్ ఎంత వెడల్పు ఉండాలి

పట్టాల మీద 1 కిలో బరువున్న చిన్న బండి ఉందనుకుందాం. ఒక మోటారు దాన్ని ముందుకీ వెనక్కీ తోస్తుంది. బండి వెళ్లి ఒక గుర్తు దగ్గర ఆగాలి, అంతే పని. చిక్కేమిటంటే పట్టాల్లో రాపిడి ఎంతో ఎవరికీ సరిగ్గా తెలియదు. బండికి కట్టిన కేబుల్ ఒక్కోచోట ఒక్కో రకంగా లాగుతుంది. బల్ల కూడా కాస్త వాలి ఉండొచ్చు. ఇవన్నీ కలిపినా తెలియని బలం 2 న్యూటన్లు దాటదని మాత్రం ధీమాగా చెప్పగలం. గుర్తు నుంచి బండి ఎంత దూరంలో ఉందో అది e, బండి వేగం v, మోటారు ఇచ్చే బలం u, తెలియని బలం d అనుకుంటే మొత్తం సిస్టమ్ ఇంతే:

```
e' = v
v' = u + d,    |d| ≤ 2
```

స్లైడింగ్ మోడ్ కంట్రోల్‌ని అర్థం చేసుకోవడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు. ఈ పద్ధతిలోని బలం, బలహీనత రెండూ ఈ రెండు లైన్లలోనే కనిపిస్తాయి.

ఒక కాగితం మీద అడ్డంగా e, నిలువుగా v గీసి చూద్దాం. బండి ఏ క్షణాన ఎలా ఉందో ఈ కాగితం మీద ఒక చుక్క చెబుతుంది. ఇప్పుడు మూలబిందువు గుండా v = -4e అనే వాలు గీత గీయాలి. చుక్క ఎలాగోలా ఈ గీత మీదికి వచ్చి, దాన్ని వదలకుండా ఉంటే చాలు, మిగతా పని దానంతట అదే జరిగిపోతుంది. గీత మీద e' = -4e కాబట్టి, దూరం ప్రతి పావు సెకనుకీ సుమారు 37 శాతానికి పడిపోతూ, సెకను గడిచేసరికి 2 శాతం లోపుకి వస్తుంది. ఆ సమీకరణంలో రాపిడి లేదు, కేబుల్ లేదు, బల్ల వాలు లేదు. ఈ పద్ధతి మీద అంత మోజు కలగడానికి కారణం ఇదే. రెండో ఆర్డర్ సమస్య కాస్తా మొదటి ఆర్డర్ సమస్య అయింది, పైగా దాని నడక మనం ఎంచుకున్నదే.

చుక్క గీత నుంచి ఎంత పక్కకి ఉందో కొలవడానికి s = v + 4e అని పెట్టుకుంటారు. గీత మీద s సున్నా. కంట్రోల్ నియమం ఇది:

```
u = -4v - K sgn(s)
```

దీన్ని సిస్టమ్‌లో పెడితే s' = -K sgn(s) + d అవుతుంది. K విలువ 2 కంటే ఎక్కువ ఉంటే, d ఎలా ఆడినా s సున్నా వైపే కదలాలి. K = 5 తీసుకుంటే, s సున్నా వైపు వచ్చే వేగం ఎంత తగ్గినా 3, ఎంత పెరిగినా 7. బండి గుర్తుకి అర మీటరు దూరంలో నిలబడి మొదలైతే s = 2. అంటే గీతని చేరడానికి 0.29 నుంచి 0.67 సెకన్లు పడుతుంది. "చేరువవుతూ ఉంటుంది" అనడం కాదు, లెక్క కట్టిన టైములో చేరి తీరుతుంది.

గీతని చేరాక ఏం జరుగుతుందన్నది ఇంకా ఆసక్తికరం. అక్కడ s సున్నాకి ఇటు ఉంటే బలం -5, అటు ఉంటే +5. మధ్యలో ఏమీ లేదు. d = 1 అనుకుందాం. బండి గీత మీద ఉండాలంటే మోటారు దాన్ని రద్దు చేసేలా, సగటున, -1 న్యూటన్ ఇవ్వాలి. ఆ -1 ఎక్కడి నుంచి వస్తుంది? నూటికి 60 పాళ్ల సమయం -5, 40 పాళ్ల సమయం +5 ఇస్తే సగటు సరిగ్గా -1. స్విచ్ ఈ నిష్పత్తిని తనంతట తానే వెతుక్కుంటుంది. d ఎంతో కొలిచే సెన్సర్ లేదు, అంచనా వేసే ఫార్ములా లేదు, అయినా రద్దయిపోతుంది. ఈ సగటునే ఈక్వివలెంట్ కంట్రోల్ అంటారు. సోవియట్ యూనియన్‌లో యెమెల్యానోవ్, ఊట్కిన్ వంటివారు ఈ సిద్ధాంతాన్ని నిర్మించారు. ఇలా తెగిన సమీకరణాలకి పరిష్కారం అంటే ఏమిటో గణితం వైపు నుంచి ఫిలిప్పోవ్ స్పష్టం చేశాడు. కానీ ఆ సిద్ధాంతంలో స్విచ్ అనంతమైన వేగంతో మారగలదు. వర్క్‌షాప్‌లో ఉన్న మోటారు మారలేదు. చాటరింగ్, అంటే బలం అటూ ఇటూ ఆగకుండా తిరగబడుతూ s సున్నా చుట్టూ కొట్టుకోవడం, పుట్టేది సరిగ్గా ఈ తేడాలోంచే.

ఐదు మిల్లీసెకన్ల ఆలస్యం

మన బండిలో ఎన్‌కోడర్ చదవాలి, వేగం లెక్కించాలి, దాన్ని ఫిల్టర్ చేయాలి, డ్రైవ్‌కి కమాండ్ పంపాలి, మోటారులో కరెంట్ పెరగాలి. అన్నీ కలిపి 5 మిల్లీసెకన్ల ఆలస్యం అనుకుందాం. ఈ ఆలస్యాన్ని h అని రాద్దాం. ఇది పెద్ద ఆలస్యమేం కాదు, మామూలు సెటప్‌లో సులువుగా వచ్చేదే.

ఇప్పుడు d = 1 గా ఉండగా ఒక చక్రాన్ని దగ్గర నుంచి చూద్దాం. s పైనుంచి సున్నా వైపు దిగుతోంది. బలం -5, d +1, కాబట్టి దిగే వేగం 4. సున్నా దాటింది, కానీ కంట్రోలర్ ఇచ్చిన కొత్త కమాండ్ బండిని చేరడానికి ఇంకా 5 మిల్లీసెకన్లు ఉంది. ఈలోగా s మరో 0.02 కిందికి జారిపోయింది. అప్పుడు బలం +5 కి మారింది. ఇక s 6 వేగంతో పైకి లేస్తుంది. సున్నాకి రావడానికి 3.3 మిల్లీసెకన్లు, ఆపైన మళ్లీ ఆలస్యం వల్ల 5 మిల్లీసెకన్లు పైకి పోయి 0.03 దగ్గర ఆగింది. అక్కడి నుంచి 4 వేగంతో దిగి సున్నాకి రావడానికి 7.5 మిల్లీసెకన్లు. మొత్తం చక్రం 20.8 మిల్లీసెకన్లు, అంటే సెకనుకి 48 సార్లు. అందులో 12.5 మిల్లీసెకన్లు -5, 8.3 మిల్లీసెకన్లు +5. ఆ 60, 40 పాళ్లు అలాగే ఉన్నాయి. s మాత్రం గీత మీద నిలవకుండా దాని చుట్టూ +0.03 కీ -0.02 కీ మధ్య కొట్టుకుంటోంది.

ఇక్కడే చాలామంది మోసపోతారు. బండి స్థానం గ్రాఫ్ తీసి చూస్తే ఈ కొట్టుకోవడం దాదాపు కనిపించదు. 48 హెర్ట్జ్ దగ్గర s లోని ఊపు e లోకి దిగేసరికి, అటూ ఇటూ 0.07 మిల్లీమీటర్లు మాత్రమే ఉంటుంది. గీత సాఫీగా ఉందనిపిస్తుంది. కానీ అదే సమయంలో మోటారు సెకనుకి 96 సార్లు దిశ మార్చుకుంటూ, ప్రతిసారీ 10 న్యూటన్ల దూకుడుతో తన్నుతోంది. గేర్ ఉంటే పళ్ల మధ్య సందులో టకటకలాడుతుంది. వైండింగ్ వేడెక్కుతుంది, ఎందుకంటే 1 న్యూటన్ అవసరమైన చోట ఎప్పుడూ 5 న్యూటన్లకి సరిపడే కరెంట్ పారుతోంది. రాగి నష్టం కరెంట్ వర్గంతో పెరుగుతుంది కాబట్టి ఆ వేడి 25 రెట్లు. ఫ్రేమ్‌కి 48 హెర్ట్జ్ దగ్గర్లో సొంత కంపనం ఉందా, ఇక చెప్పక్కర్లేదు. కాబట్టి చాటరింగ్ ఉందో లేదో చూడాలంటే స్థానం గ్రాఫ్ కాదు, u గ్రాఫ్ చూడాలి. అంతకంటే ముందు చెవి పెట్టి వినాలి.

వినిపించేది చాటరింగేనా, సెన్సర్ నాయిసా అని తేల్చడానికి తేలికైన పరీక్ష ఒకటి ఉంది. K ని రెట్టింపు చేసి చూడాలి. ఆలస్యం వల్ల వచ్చే చాటరింగ్ అయితే s లోని ఊపు సుమారు రెట్టింపవుతుంది, ఫ్రీక్వెన్సీ మాత్రం దాదాపు కదలదు. మన లెక్కలో చక్రం 20.8 నుంచి 20.2 మిల్లీసెకన్లకే మారుతుంది. ఎందుకంటే చక్రం పొడవుని నిర్ణయించేది ప్రధానంగా ఆలస్యమే, అది సుమారు 4h. దీన్ని తిప్పి వాడుకోవచ్చు కూడా. కొలిచిన చక్రాన్ని నాలుగుతో భాగిస్తే సెటప్‌లో దాక్కున్న మొత్తం ఆలస్యం బయటపడుతుంది. డేటాషీట్లు వెతికి కూడిక వేసిన దానికంటే ఈ అంకె ఎక్కువ నమ్మదగింది.

సిమ్యులేషన్ గురించి ఒక హెచ్చరిక. ఆలస్యం పెట్టకుండా సిమ్యులేట్ చేస్తే, స్విచ్ ఒక్కో స్టెప్‌కి ఒకసారి మారుతుంది. స్టెప్ సైజు తగ్గిస్తే ఊపు కూడా తగ్గిపోతుంది. "స్టెప్ చిన్నది చేస్తే చాటరింగ్ పోయింది" అని రిపోర్టులో రాసేస్తారు. పోయింది సిమ్యులేటర్ తెచ్చిన చాటరింగ్, బండిది కాదు.

గీతని పట్టీగా మార్చడం

మందు చూడ్డానికి సింపుల్‌గా ఉంటుంది. స్లోటీన్, శాస్త్రి 1983 లో ఇచ్చిన రూపం ఇప్పటికీ అలాగే వాడుతున్నారు. గీతకి అటూ ఇటూ φ వెడల్పుతో ఒక పట్టీ గీస్తారు, అదే బౌండరీ లేయర్. పట్టీ బయట పాత నియమమే. లోపల మాత్రం స్విచ్ బదులు, s కి తగ్గట్టు బలం నెమ్మదిగా మారుతుంది. sgn(s) స్థానంలో sat(s/φ) వస్తుంది. ఆలస్యంతో సహా మొత్తం బండిని పదిహేను లైన్లలోపు పరీక్షించి చూడొచ్చు:

```python
from collections import deque
T, lam, K, phi, d = 0.001, 4.0, 5.0, 0.1, 1.0
e, v = 0.5, 0.0
buf = deque([0.0]*5)
for k in range(3000):
    s = v + lam*e
    sat = max(-1.0, min(1.0, s/phi))
    buf.append(-lam*v - K*sat)
    u = buf.popleft()
    v += T*(u + d)
    e += T*v
print(e, u)
```

మూడు సెకన్ల తర్వాత u సరిగ్గా -1 దగ్గర కదలకుండా నిలుస్తుంది, తన్నులు లేవు. కానీ e సున్నా కాదు, 0.005. బండి గుర్తుకి 5 మిల్లీమీటర్ల దూరంలో ఆగిపోయింది.

ఇలా ఎందుకైందో తెలియాలంటే పట్టీ లోపల నియమాన్ని విప్పి రాయాలి. K/φ = 50. కాబట్టి u = -4v - 50(v + 4e), అంటే u = -54v - 200e. ఇది అచ్చంగా పీడీ కంట్రోలర్. ఏ మర్మమూ లేదు. స్ప్రింగ్ గట్టిదనం 200 ఉన్నప్పుడు 1 న్యూటన్ తోస్తే 5 మిల్లీమీటర్లు కదులుతుంది. d తన హద్దు 2 దాకా పోతే 10 మిల్లీమీటర్లు. d ఎంత వంకరగా మారుతున్నా, 2 దాటనంతవరకు చివరికి ఈ 10 మిల్లీమీటర్ల లోపే ఉంటుందని గ్యారంటీ ఇవ్వొచ్చు. కానీ "రాపిడి ఎంతైనా సున్నాకి చేరుతుంది" అన్న పాత వాగ్దానం పోయింది. బౌండరీ లేయర్ పెట్టాక కూడా అదే వాగ్దానం చేస్తూ రాసిన ప్రాజెక్టు రిపోర్టులు తప్పు చెబుతున్నట్టే. పట్టీ బయట స్లైడింగ్ మోడ్, పట్టీ లోపల పీడీ. ఇదీ నిజమైన పేరు.

మరి 5 మిల్లీమీటర్లు ఎక్కువనిపిస్తే పట్టీని సన్నం చేయొచ్చు కదా? చేయొచ్చు, ఒక హద్దు వరకే. పట్టీ లోపల s' = -(K/φ)s + d, కానీ ఆ s మనకి h ఆలస్యంతో అందుతోంది. ఇలాంటి సమీకరణం గురించి తెలిసిన ఫలితం ఉంది. (K/φ)·h విలువ 0.37 లోపు ఉంటే s ఊగకుండా నిలుస్తుంది. 0.37 కీ 1.57 కీ మధ్య ఉంటే ఊగి ఊగి నిలుస్తుంది. 1.57 దాటితే నిలవనే నిలవదు. మన బండికి φ = 0.1 అయితే ఈ విలువ 0.25, హాయిగా ఉంది. φ = 0.02 అయితే 1.25, అంటే బండి గుర్తు దగ్గర చాలాసేపు వణుకుతుంది. φ = 0.01 అయితే 2.5. పట్టీ ఉండి కూడా చాటరింగ్ తిరిగి వచ్చేస్తుంది, ఎందుకంటే s ఒక్క ఆలస్యం వ్యవధిలోనే పట్టీని అడ్డంగా దాటేస్తోంది. బౌండరీ లేయర్ పెట్టినా మోత తగ్గలేదని చెప్పే సందర్భాల్లో ముందుగా చూడాల్సింది ఈ లబ్ధాన్నే.

కాబట్టి φ ని ట్రయల్ అండ్ ఎర్రర్‌తో పెట్టనక్కర్లేదు. ఊగకూడదనుకుంటే కనీస వెడల్పు φ = 2.7·K·h. మన బండికి సుమారు 0.07. -4v అన్న పదం కూడా అదే ఆలస్యంతో వెళ్తుంది కాబట్టి ఇంకాస్త ఎక్కువ పెట్టడం మంచిది. ఈ φ ని ఆగిపోయే దూరం ఫార్ములాలో వేసి చూస్తే, ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే గుర్తుంచుకోదగ్గ ఫలితం వస్తుంది:

```
e = φ·d / (λ·K) = 2.7·h·d / λ
```

λ అంటే మనం 4 గా ఎంచుకున్న గీత వాలు. K కొట్టుకుపోయింది. అంటే K పెంచి కచ్చితత్వం తెచ్చుకోవాలనే ప్రయత్నం వృథా. K పెంచితే పట్టీ కూడా అంతే వెడల్పు చేయాల్సి వస్తుంది, లాభమంతా అక్కడే ఖర్చైపోతుంది. బండి ఎంత దగ్గరగా ఆగుతుందో నిర్ణయించేవి ఆలస్యం, తెలియని బలం, గీత వాలు, ఈ మూడే. d = 1 కి 5 మిల్లీసెకన్ల ఆలస్యంతో సుమారు 3.4 మిల్లీమీటర్లు. ఫిల్టర్ మార్చి, డ్రైవ్ కమ్యూనికేషన్ వేగం పెంచి ఆలస్యాన్ని 2 మిల్లీసెకన్లకు తేగలిగితే 1.35. పనికొచ్చే చోట డబ్బు పెట్టాలంటే అది పెద్ద మోటారు మీద కాదు, చిన్న ఆలస్యం మీద.

λ పెంచడం ఫ్రీగా కనిపిస్తుంది గానీ కాదు. గీత మీద జారేటప్పుడు బండికి కావాల్సిన త్వరణం λ²e. దూరం 0.2 మీటర్లుండగా λ = 4 అయితే 3.2 న్యూటన్లు చాలు. λ = 10 అయితే 20 న్యూటన్లు కావాలి. మోటారు అంత ఇవ్వలేకపోతే చుక్క గీత మీద నిలవదు, మన లెక్కలన్నీ తప్పుతాయి.

ఇక ఎన్‌కోడర్. దాని మెట్టు 0.01 మిల్లీమీటరు అనుకుందాం. ప్రతి మిల్లీసెకనుకీ రెండు రీడింగుల తేడా తీసి వేగం లెక్కిస్తే, కనిపించే వేగం 0.01 మీటరు/సెకను మెట్లలో దూకుతుంది. బండి నిలబడి ఉన్నా ఒక మెట్టు అటూ ఇటూ తొణికితే s లో 0.01 గెంతు వస్తుంది. పట్టీ లేకపోతే ఆ గెంతుకే బలం -5 నుంచి +5 కి తిరగబడగలదు. φ = 0.1 ఉంటే అదే గెంతు 54 × 0.01, అంటే అర న్యూటన్ కుదుపు మాత్రమే. అదీ వద్దనుకుని వేగం మీద గట్టి ఫిల్టర్ పెడితే ఆలస్యం పెరుగుతుంది, ఆలస్యం పెరిగితే φ పెంచాలి, φ పెంచితే బండి ఇంకా దూరంగా ఆగుతుంది. ఈ గొలుసు తెలియకుండా ఫిల్టర్‌ని ముట్టుకోకూడదు.

మిగిలిన ఐదు మిల్లీమీటర్లు

రాపిడి, వాలు లాంటి d నెమ్మదిగా మారేదైతే, ఆ మిగిలిన దూరాన్ని తీసేయడానికి గీత నిర్వచనంలోనే e యొక్క ఇంటిగ్రల్‌ని కలపొచ్చు. z' = e అని పెట్టి s = v + 8e + 16z అని రాస్తారు. నియమం u = -8v - 16e - K sat(s/φ) అవుతుంది. d = 1 ఉన్నప్పుడు s మళ్లీ 0.02 దగ్గరే నిలుస్తుంది, కానీ ఇప్పుడు ఆ 0.02 ని z మోస్తుంది, e సున్నాకి వస్తుంది. u = -1 అలాగే ఉంటుంది, చాటరింగ్ లేదు.

z ని సున్నాతో మొదలుపెట్టకపోవడం మేలు. బండి అర మీటరు ప్రయాణం చేసేలోపు z లో బోలెడంత పోగవుతుంది, దాన్ని ఖర్చు చేయడానికి బండి గుర్తు దాటి అవతలికి పోవాల్సి వస్తుంది. బదులుగా మొదటి క్షణంలోనే s సున్నా అయ్యేలా z పెట్టాలి. e = 0.5, v = 0 అయితే z = -0.25. అప్పుడు చుక్క మొదలయ్యేదే గీత మీద, చేరుకునే దశ అంటూ ఉండదు, d మారకుండా ఉంటే గుర్తు దాటడమూ దాదాపు ఉండదు. దానికి మూల్యం మొదటి క్షణంలో 16 × 0.5, అంటే 8 న్యూటన్ల బలం. మోటారుకి అంత ఓపిక ఉందో లేదో ముందే చూసుకోవాలి.

ఇంటిగ్రల్ పెట్టాక కొత్తగా మరో రకం కదలిక కనిపించొచ్చు. బండి గుర్తుకి వెంట్రుకవాసి దూరంలో ఆగి, కొన్ని సెకన్లు అలాగే ఉండి, ఉన్నట్టుండి అవతలి వైపుకి గెంతి మళ్లీ ఆగుతుంది. ఇది చాటరింగ్ కాదు. నిలబడి ఉన్నప్పుడు పట్టాల పట్టు ఎక్కువ, కదిలాక తక్కువ. నిలబడ్డంతసేపూ z పెరుగుతూ పోయి, పట్టుని గెలిచే బలం కూడగానే బండి ఎగిరి ముందుకు పడుతుంది. సెకనుకి 48 సార్లు కొట్టుకునే జబ్బుకీ, కొన్ని సెకన్లకోసారి గెంతే జబ్బుకీ మందు ఒకటి కాదు. ఇక్కడ φ ని ఎంత మార్చినా ఆ గెంతు పూర్తిగా పోదు. e మనకి సరిపోయే దూరం లోపలికి రాగానే, ఉదాహరణకి 0.1 మిల్లీమీటరు దాటకపోతే, z ని అక్కడే ఆపేయాలి. z ఆగితే బలం ఆగుతుంది, బలం ఆగితే బండి ఉన్నచోటే ఉంటుంది.